హంతకుణ్ని పట్టించే గళ్ల కాగితం: క్లూడో ఆటకు చిట్కాలు

క్లూడో ఆటను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తయారు చేశాడు. 1944లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకుంటే, అచ్చయి అంగళ్లకు వచ్చేసరికి 1949 అయింది. అమెరికాలో దీన్నే ‘క్లూ’ అంటారు. పెద్ద బంగళాలో ఒక హత్య జరుగుతుంది. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఏ గదిలో చేశారు అన్న మూడు సంగతులు తేల్చాలి. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు, అన్నీ కలిపి 21 కార్డులు. ఒక్కో రకం నుంచి ఒక కార్డు తీసి ఎవరూ చూడకుండా కవరులో పెడతారు. మిగతా 18 ఆటగాళ్లకు పంచుతారు. పాచిక వేసి ఒక గదికి చేరి, ఆ గదితో కలిపి మూడు పేర్లు చెప్పి అనుమానం వెలిబుచ్చాలి. ఎడమ పక్కవాళ్లతో మొదలుపెట్టి, ఆ మూడింట్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లు అడిగినవాళ్లకు మాత్రమే రహస్యంగా చూపిస్తారు. ఒకరు చూపించగానే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

చాలా ఇళ్లలో దీన్ని పాచికల అదృష్టంగానే ఆడతారు. చూసిన కార్డు కొట్టేయడం, చూడనిది అలా వదిలేయడం. ఇతరులు అడిగిన ప్రశ్నల నుంచి వచ్చే సమాచారమంతా అలా గాలికి పోతుంది.

1. పెట్టెలో వచ్చిన చీటీ చాలదు, గళ్ల నోటుబుక్కు తీయండి.

పెట్టెలోని చీటీని అందరూ పేర్లు కొట్టేసుకోవడానికే వాడతారు. దాంతో ‘ఈ కార్డు కవరులో లేదు’ అని తెలుస్తుంది గానీ ‘ఎవరి దగ్గర ఉంది’ అన్నది తెలియదు. ఈ రెండో సంగతి లేకపోతే ఆట సగం చీకట్లో సాగినట్టే. గళ్ల కాగితం మీద 21 పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. ముందు మనుషులు, ఒక గీత, ఆయుధాలు, మరో గీత, గదులు. పక్కన ఒక్కో ఆటగాడికి ఒక్కో నిలువు వరస గీయండి. కూర్చున్న వరసలోనే పేర్లు రాసుకుంటే ప్రశ్న ఎటు తిరుగుతుందో కళ్లకు కనిపిస్తుంది. చివరన కవరుకు ఒక వరస.

ప్రతి వరస పైన ఆ మనిషి దగ్గర ఎన్ని కార్డులున్నాయో రాయండి. ముగ్గురు ఆడితే తలా 6. నలుగురైతే ఇద్దరికి 5, ఇద్దరికి 4. అయిదుగురైతే ముగ్గురికి 4, ఇద్దరికి 3. ఆరుగురైతే తలా 3. ఆట చివర్లో ఈ అంకె ఎంత పని చేస్తుందో ఆడినవాళ్లకే తెలుసు.

2. మూడు గుర్తులు చాలు: టిక్కు, ఇంటూ, అంకె.

ఉందని ఖాయమైతే టిక్కు. లేదని ఖాయమైతే ఇంటూ. మూడో గుర్తు అసలైనది. ఒకరు మూడు పేర్లు అడిగితే ఇంకొకరు ఏదో చూపించారు, మీకు కనిపించలేదు. అప్పుడు చూపించినవాళ్ల వరసలో ఆ మూడు గళ్లలోనూ చిన్నగా ఒకే అంకె వేయండి. మొదటి సంఘటనకు 1, తర్వాతి దానికి 2. ‘ఈ మూడింట్లో ఒకటైనా ఈయన దగ్గర ఉంది’ అని దానర్థం. తర్వాత వాటిలో రెండు గళ్లకు ఇంటూలు పడితే మూడోది దానంతటదే టిక్కు అవుతుంది. ఎవరూ మీకు చూపించకుండానే ఆ కార్డు తెలిసిపోయినట్టే.

చూపించలేక ‘నా దగ్గర లేవు’ అన్నవాళ్ల వరసలో మాత్రం మూడు గళ్లకూ ఇంటూ పెట్టాలి. కొత్తగా ఆడేవాళ్లు చూపించిన కార్డు మీద పెట్టే ధ్యాస లేవన్నవాళ్ల మీద పెట్టరు. నన్నడిగితే లాభం అక్కడే ఎక్కువ. ఒక కార్డు చూస్తే ఒక్క సంగతి తెలుస్తుంది, ఒకరు లేవంటే మూడు తెలుస్తాయి.

3. కాగితం అంచున ప్రశ్నల చిట్టా రాయండి.

ఎవరు అడిగారు, ఏ మూడు, ఎవరు లేవన్నారు, ఎవరు చూపించారు అన్నవి ఒక్క పంక్తిలో. ‘అక్క: పీకాక్, బాకు, డైనింగ్ – బావగారు చూపారు’ అంటే చాలు. పట్టికలో తప్పు గుర్తు పడినప్పుడు వెనక్కి వెళ్లి సరిచేసుకోవడానికి ఇదొక్కటే దారి.

ప్రతి ప్రశ్న తర్వాతా పెన్సిలు కదిలించండి, రాయడానికేమీ లేకపోయినా సరే. మీరు ఉన్నట్టుండి రాసుకోవడం మొదలుపెడితే ఎదుటివాళ్లకు అదే పెద్ద ఆధారం.

4. మొదటి ప్రశ్నలో రెండు తెలియనివి, ఒకటి మీ సొంతది.

మీ చేతిలో ఉన్న కార్డు పేరు కూడా అడగొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. మరి మూడూ తెలియనివే అడగడం మేలా, మధ్యలో సొంతది కలపడం మేలా? ముగ్గురి ఆటలో మీకు కనిపించని కార్డులు 15, అందులో ఎడమ పక్కవాళ్ల దగ్గర 6. మూడు తెలియనివి అడిగితే వాళ్లు లేవనే అవకాశం అయిదింట ఒకవంతు దగ్గర్లో ఉంటుంది. రెండే తెలియనివైతే మూడోవంతుకు కాస్త అటూ ఇటూ. ఒక్కటే తెలియనిదైతే సగానికి పైనే.

మూడూ తెలియనివైతే ఎక్కువసార్లు పక్కవాళ్లే ఏదో ఒకటి చూపించి ప్రశ్నను ఆపేస్తారు. ఏది చూపించాలన్నది వాళ్ల ఇష్టం. ఒక్కటే తెలియనిదైతే జవాబు స్పష్టంగా వస్తుంది గానీ తెలిసేది ఒక్క కార్డు గురించే. రెండు అడిగితే మధ్యస్థంగా ఉంటుంది. లేవంటే రెండు ఇంటూలు, పైగా ప్రశ్న తర్వాతి మనిషి దాకా వెళ్తుంది. ఎలాగూ జవాబు ముందే ఊహించగలిగిన ప్రశ్న వృథా. ఎటైనా మొగ్గగలిగేదే అడగాలి.

5. ఒక ఆటను గడి గడిగా చూద్దాం.

ముగ్గురు ఆడుతున్నారు: నేను, నా ఎడమ పక్క అక్క, ఆమె పక్కన బావగారు. తలా 6 కార్డులు. నావి ప్రొఫెసర్ ప్లమ్, మిస్ స్కార్లెట్, తాడు, కిచెన్, హాల్, లాంజ్. ఆట మొదట్లో 6 × 6 × 9, అంటే 324 కలయికలు సాధ్యం. నా చెయ్యి చూసుకున్నాక నలుగురు మనుషులు, అయిదు ఆయుధాలు, ఆరు గదులు మిగిలాయి. అంటే 120.

లాంజ్‌లో నా మొదటి ప్రశ్న: గ్రీన్, సీసపు గొట్టం, లాంజ్. అక్క లేవంది. బావగారు గొట్టం చూపించారు. అక్క వరసలో గ్రీన్‌కూ గొట్టానికీ ఇంటూ, బావగారి వరసలో గొట్టానికి టిక్కు.

అక్క పీకాక్, బాకు, డైనింగ్ రూమ్ అడిగింది. బావగారు ఏదో చూపించారు. ఆయన వరసలో ఆ మూడు గళ్లకూ 1 వేశాను. తర్వాత బావగారు మస్టర్డ్, రివాల్వర్, లైబ్రరీ అడిగారు. నా దగ్గర లేవు, అక్క చూపించింది. అక్క వరసలో మూడింటికీ 2.

నా వంతు వచ్చింది. లాంజ్ నుంచి రహస్య మార్గంలో కన్సర్వేటరీకి వెళ్లి ప్లమ్, బాకు, కన్సర్వేటరీ అడిగాను. ప్లమ్ నాదే. 1 అన్న ముడి విప్పడానికే బాకును కలిపాను. అక్క బాకు చూపించింది. అంటే బావగారి దగ్గర బాకు లేదు. ఇక ఆయన చూపించింది పీకాకో డైనింగ్ రూమో అయ్యుండాలి.

అక్క వైట్, కొవ్వొత్తి స్టాండు, బాల్‌రూమ్ అడిగితే బావగారు చూపించారు. ఆయన వరసలో 3. ఆ తర్వాత బావగారు స్టడీలోకి వెళ్లి గ్రీన్, స్పానర్, స్టడీ అడిగారు. నేను లేవన్నాను, అక్క కూడా లేవంది. గదిలో ఒక్కసారి నిశ్శబ్దం.

6. ఎవరూ జవాబివ్వని ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించండి.

ఎవరూ చూపించలేదంటే ఆ మూడూ కవరులోనే ఉన్నాయని పిల్లలు కేకలు పెడతారు. అలా అనుకోనక్కర్లేదు. ఒక్కో కార్డు కవరులోనైనా ఉండాలి, అడిగినవాళ్ల చేతిలోనైనా ఉండాలి. ఇక్కడ బావగారు ఏం చేయలేదో చూడండి. మూడూ కవరులోనివే అయితే ఆయనకు అప్పుడే తెలిసిపోయేది, ఆ వంతులోనే ఆరోపణ చేసి గెలిచేవారు. చేయలేదు. కనుక గ్రీన్, స్పానర్, స్టడీల్లో కనీసం ఒకటి ఆయన చేతిలోదే. ఆయన వరసలో ఆ మూడింటికీ 4 వేశాను. అక్క వరసలో మూడింటికీ ఇంటూలు. వాటిలో గ్రీన్‌ది ముందే తెలుసు, అయినా ఎవరూ కార్డు చూపించకుండానే మూడు కొత్త సంగతులు తెలిశాయి.

ఎదుటివాళ్లు గబుక్కున ఆరోపణ చేసే రకమా, ఆలోచించి ఆడే రకమా అన్నది దీనికి హద్దు. పదేళ్ల పిల్ల అడిగి మర్చిపోయి కూర్చుంటే ఈ లెక్క చెల్లదు. బావగారు అలాంటి వారు కాదు.

7. మధ్య ఆటలో ఒక్క మనిషిని గురిపెట్టి అడగండి.

అప్పటికి నాకు మిగిలినవి నలుగురు మనుషులు, మూడు ఆయుధాలు, ఆరు గదులు. అంటే 72 కలయికలు. బావగారు ఆరోపణ చేయలేదు కాబట్టి గ్రీన్–స్పానర్–స్టడీ కలయిక, 1, 2, 3 ముడులతో కుదరని మరో అయిదు కలయికలు పోయి 66. నా ముందు రెండు దారులున్నాయి. కన్సర్వేటరీ నుంచి అదే రహస్య మార్గంలో లాంజ్‌కు తిరిగి వెళ్లగలను, లాంజ్ నా కార్డు. అక్కడ నిలబడి వైట్, స్టాండు, లాంజ్ అడిగితే ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చూపించడం దాదాపు ఖాయం. ఒక వరస చెరిపేస్తాను, అంతే.

గ్రీన్, స్పానర్, లాంజ్ అడిగితే పరిస్థితి వేరు. అక్క దగ్గర ఆ రెండూ లేవని ముందే తెలుసు. కాబట్టి ఆమె లేవనడం ఖాయం, ప్రశ్న నేరుగా బావగారి మీద పడుతుంది. ఆయన గ్రీన్ చూపిస్తే ఒకటి, స్పానర్ చూపిస్తే ఇంకొకటి, ఏదీ చూపించకపోతే రెండూ కవరులోనివే. ఏ జవాబు వచ్చినా పట్టికలో పెద్ద మార్పే. అడిగాను. బావగారు నవ్వి తల అడ్డంగా ఊపారు.

గ్రీన్, స్పానర్ రెండూ కవరు వరసలో టిక్కు. 4 అన్న ముడిలో రెండు కొట్టుకుపోయాయి గనుక మిగిలిన స్టడీ బావగారిది. 66 కలయికలు ఒక్క ప్రశ్నతో 5కి వచ్చాయి. బాల్‌రూమ్, కన్సర్వేటరీ, డైనింగ్ రూమ్, బిలియర్డ్ రూమ్, లైబ్రరీ, ఈ అయిదు గదుల్లో ఒకటి.

8. మీకు తెలిసింది ఎదుటివాళ్లకూ తెలుసా అని చూసుకోండి.

ఈ ప్రశ్నకు ఒక ఖరీదుంది. స్టడీ తన చేతిలోనే ఉన్న బావగారికి గ్రీన్, స్పానర్ సంగతి తన ప్రశ్నతోనే తెలిసిపోయింది. ఇప్పుడు నా ప్రశ్న విన్నాక అక్కకూ తెలిసింది. గ్రీన్, స్పానర్ నా దగ్గర లేవని అంతకుముందే చూసింది, బావగారి దగ్గర లేవని ఇప్పుడు చూసింది. పైగా నేను ఆరోపణ చేయలేదు కాబట్టి లాంజ్ నాదని ఇద్దరూ పసిగట్టి ఉంటారు. ఇక ముగ్గురికీ మిగిలింది గది ఒక్కటే. ఇలా తెలిసిపోతుందనుకున్నప్పుడు మారుపేరు వాడాలి, అంటే తేలిపోయినవాళ్లకు బదులు మీ సొంత కార్డులు చెప్పాలి.

బావగారు ఆ జాగ్రత్త పడలేదు. తర్వాతి వంతులో అక్క ఏ గదికీ చేరలేకపోయింది. బావగారు బిలియర్డ్ రూమ్‌లో నిలబడి గ్రీన్, స్పానర్, బిలియర్డ్ రూమ్ అడిగారు. నా దగ్గర లేవు, అక్క చూపించింది. గ్రీన్, స్పానర్ కవరులో ఉన్నాయని నాకు తెలుసు గనుక ఆమె చూపించింది బిలియర్డ్ రూమే. ఆయన తన ప్రశ్నతో నాకు ఉచితంగా ఒక గది ఇచ్చారు.

ఇక నాకు నాలుగు గదులు. లాంజ్‌కు దగ్గర్లో ఉన్నది డైనింగ్ రూమ్, పాచిక ఒప్పుకుంది. అక్కడ ప్లమ్, తాడు, డైనింగ్ రూమ్ అడిగాను. మొదటి రెండూ నావే గనుక ఎవరైనా చూపించగలిగేది గది ఒక్కటే. అక్క లేవంది. బావగారూ లేవన్నారు. అదే వంతులో ఆరోపణ చేశాను: గ్రీన్, స్పానర్, డైనింగ్ రూమ్. కవరు తెరిస్తే అవే. నాలుగింట్లో ఆ గది మొదటే తగలడం అదృష్టమే, దాన్ని లెక్క అనలేం. తగలకపోయి ఉంటే మూడు మిగిలేవి, అక్కకు నా ముందు ఒక వంతు దక్కేది.

9. చూపించాల్సి వచ్చినప్పుడు కొత్త కార్డు బయట పెట్టకండి.

అడిగిన మూడింట్లో మీ దగ్గర రెండుంటే, ఆ మనిషికి ఇదివరకే చూపించినదే మళ్లీ చూపించండి. దానికోసం మీ సొంత వరసలో ఆ కార్డు పక్కన ఎవరికి చూపించారో వాళ్ల పేరులోని మొదటి అక్షరం రాసుకోండి. ఇదివరకు ఏదీ చూపించకపోతే గది కార్డు దాచుకోవడం నా పద్ధతి. గదులు తొమ్మిది, పైగా నడిచి వెళ్లాలి. అందరికన్నా ఆలస్యంగా తేలేది అదే.

10. అనుమానం చెప్పేటప్పుడు బొమ్మను కూడా లాక్కొస్తున్నారని గుర్తుంచుకోండి.

మీరు ఎవరి పేరు చెబితే ఆ బొమ్మ మీరున్న గదిలోకి వచ్చేస్తుంది. పక్కవాడు ఒక గది గుమ్మం దాకా నడిచి వచ్చి ఉంటే, వాడి బొమ్మ పేరు చెప్పండి. బంగళాకు ఈ మూల నుంచి వాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఒకే గదిలో నిలబడి వరసగా రెండుసార్లు అడగకూడదు, బయటికి వచ్చి మళ్లీ వెళ్లాలి. అందుకే రహస్య మార్గాలున్న మూల గదులు బంగారం. లాంజ్ నుంచి కన్సర్వేటరీకి, కిచెన్ నుంచి స్టడీకి పాచిక వేయకుండానే వెళ్లిపోవచ్చు. ఆ మూల గదుల్లో ఒకటి మీ చేతిలో ఉంటే సొంత కార్డు కలిపే ప్రశ్నకు చోటు దొరికినట్టే.

11. పట్టిక పేచీ పెడితే నమ్మండి.

ఒక అడ్డు వరసలో రెండు టిక్కులు పడినా, ఒకరి వరసలో టిక్కులు వాళ్ల కార్డుల సంఖ్య దాటినా, ఒకే అంకె ఉన్న మూడు గళ్లూ ఇంటూలైపోయినా, ఎక్కడో తప్పు జరిగింది. ముందు చిట్టాతో మీ గుర్తులు సరిచూసుకోండి. అవి సరిగ్గానే ఉంటే ఎవరో తమ దగ్గరున్న కార్డును చూసుకోక లేదని చెప్పారన్నమాట. ఇంట్లో చిన్నపిల్లలు ఆడితే ఇది మామూలే. రెవరెండ్ గ్రీన్ కార్డు వేళ్ల వెనక దాక్కుని ఉంటుంది. ఆట ఆపి, అందరూ తమ చెయ్యి మళ్లీ చూసుకొని ఫలానా ప్రశ్నకు జవాబు సరిచేయమని అడగండి. ‘ఎవరు తప్పు చెప్పారు’ అని వేలు చూపిస్తే మీ పట్టికలోని రహస్యం బయటపడుతుంది. ప్రశ్న ఒక్కటి గుర్తు చేస్తే చాలు.

12. ఆరోపణకు ముందు కార్డుల సంఖ్యలు ఒకసారి కూడండి.

ముగ్గురి ఆటలో ఒకరి వరసలో ఆరు టిక్కులూ పూర్తయితే మిగతావన్నీ ఇంటూలే, ఒక్కసారిగా చాలా గళ్లు నిండిపోతాయి. ఒకరి వరసలో ఇంటూలు కానివి సరిగ్గా ఆరే మిగిలితే అవన్నీ టిక్కులు. కవరు వరసలో ఒక్కో భాగానికి ఒకే టిక్కు రావాలి. ఆ మూడూ వచ్చాకే నోరు విప్పండి. ఆరోపణ తప్పితే గెలిచే అవకాశం పోతుంది. కవరులోని కార్డులు మీరొక్కరే చూసి, ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టేయాలి. ఇకనుంచి అడగడం ఉండదు గానీ, ఎవరైనా అడిగితే కార్డు చూపించడం మాత్రం ఆట ముగిసేదాకా మీ బాధ్యతే.